అరవై శాతం బేరం

కుట్టు వర్క్‌షాపులో నెలనెలా డబ్బు కట్టి వాడుతున్న ప్యాటర్న్ ప్రోగ్రాం రద్దు చేద్దామన్నది కోడలు. రద్దు చేయకుండా అరవై శాతం తగ్గింపు సాధించింది అత్తగారు. రెండూ ఒకే మంగళవారం, గంటలోపు జరిగాయి.

వర్క్‌షాపు అంటే రెండు గదులు. ముందు గదిలో తొమ్మిది మెషిన్లు. వెనక గదిలో ఆరు మీటర్ల కటింగ్ టేబుల్, దాని చివర కంప్యూటరు. ఇరవై రెండేళ్ళ క్రితం అత్తగారు ఒక్క మెషిన్‌తో మొదలుపెట్టింది. గుడ్డ కొనడం, రేటు మాట్లాడడం ఇప్పటికీ ఆవిడ పనే. ఆర్డర్లు, కాగితాలు, కంప్యూటరు కోడలు చూసుకుంటుంది. కత్తిరింపు మాస్టారిది. ఆయన వచ్చి పదకొండేళ్ళయింది.

ప్యాటర్న్ ప్రోగ్రాం చేసే పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. చొక్కాకో ఏప్రన్‌కో కావలసిన ముక్కలన్నీ సైజుల వారీగా దాచిపెడుతుంది. ఆ ముక్కల్ని తక్కువ గుడ్డలో ఎలా పేర్చాలో పటం గీసిస్తుంది. ఆ పటాన్ని మార్కర్ అంటారు. మార్కర్ ఎంత పొట్టిగా వస్తే అంత గుడ్డ మిగిలినట్టు. వీళ్ళ ప్రోగ్రాం ఒక మార్కర్‌లో ఒక్క సైజునే పేర్చగలదు. చిన్న సైజు ఏప్రన్ ముక్కల్ని పెద్ద సైజు ముక్కల మధ్య సందుల్లో దూర్చడం దానికి రాదు. ఆ సందులన్నీ కత్తిరింపు అయ్యాక పీలికల సంచిలోకి పోతాయి.

ఆ పీలికల సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఈ నెల పట్టించుకోవలసి వచ్చింది. డాక్టర్లు, ల్యాబు వాళ్ళు వేసుకునే తెల్ల ఏప్రన్లు ఒక ఆసుపత్రికి విడతకు మూడు వందల చొప్పున కుట్టిస్తున్నారు. ఆ ఆసుపత్రి మళ్ళీ కొటేషన్లు అడిగింది. ఇంకో వర్క్‌షాపు వీళ్ళకంటే తక్కువకు ఇస్తానందని అక్కడి స్టోర్స్ గుమాస్తా చెవిన వేశాడు. ఆ ఆర్డరు పోతే తొమ్మిదిలో అయిదు మెషిన్లు ఆగిపోతాయి. ఏప్రన్ ధరలో సగం పైగా గుడ్డే. రేటు తగ్గాలంటే గుడ్డ తగ్గాలి. సైజులు కలిపి పేర్చే వేరే ప్రోగ్రాం ఒకటి ఉందని కోడలు కనుక్కుంది. కొటేషన్ గడువు వచ్చే వారం కాక ఆ పై సోమవారం.

మంగళవారం ఉదయం ఆమె పాత ప్రోగ్రాం ఖాతా తెరిచి రద్దు మీట నొక్కింది. ఎందుకు వెళ్తున్నారో చెప్పమని ఒక జాబితా వచ్చింది. మొదటిది "ధర ఎక్కువ". చివరిది "ఇతర కారణం". అది ఎంచుకుంటే కింద పెట్టెలో వివరం రాయాలి. బయట గుడ్డ బండి వచ్చి హారన్ కొడుతోంది. కోడలు మొదటిది నొక్కేసింది. వెంటనే మూడు నెలలపాటు ఇరవై శాతం తగ్గిస్తామని తెర మీద పడింది. వద్దని నొక్కింది. మా ప్రతినిధి పది నిమిషాల్లో మీకు ఫోన్ చేసి రద్దు పూర్తి చేస్తారని ఇంకో పేజీ వచ్చింది. ఆమె ఫోన్ టేబుల్ మీద పెట్టి తానులు లెక్క చూసుకోవడానికి బయటికి వెళ్ళింది.

ఫోన్ మోగితే అత్తగారు తీసి స్పీకర్‌లో పెట్టింది. ఆవిడకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే తలనొప్పి.

"నమస్తే అండీ. మీరు మా సర్వీసు ఆపేద్దామనుకుంటున్నారట" అంది ఒక అమ్మాయి.

"అవునమ్మా, అనుకుంటున్నాం."

"ధర ఎక్కువని రాశారు. ఆరేళ్ళుగా మాతో ఉన్నారు. మీలాంటి వాళ్ళ కోసం ఒక ఆఫర్ ఉందండీ. ఆరు నెలలు నలభై శాతం తగ్గిస్తాం."

మాస్టారు సుద్ద పట్టుకుని ఆగిపోయాడు. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నలభయ్యా. మా గుడ్డ షావుకారు కూడా మొదట అంతే అంటాడు తల్లీ. లోపల దాచుకున్నది ఎంతో చెప్పు."

"దాచుకోవడం ఏముందండీ."

"ఉంటుంది. ఆరేళ్ళు నమ్ముకుని ఉన్నాం, కొత్తగా వచ్చేవాళ్ళకు ఎంతకు ఇస్తున్నారో నాకు తెలీదా."

ఆవిడకు తెలీదు. అవతలి అమ్మాయికి ఆ సంగతి తెలీదు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి, మా సూపర్‌వైజర్‌ని అడిగి వస్తాను."

పాట మొదలైంది. అత్తగారు మాస్టారి వైపు తిరిగింది. "ఎవర్నీ అడగదు. మంచినీళ్ళు తాగి వస్తుంది, అంతే. నేననడం లేదా మా ఆయన్నడిగి చెప్తానని? ఆయన పోయి పదేళ్ళయినా అడుగుతూనే ఉన్నా."

నలభై సెకన్లకు పాట ఆగింది. "మీ కోసం ప్రత్యేకంగా అరవై శాతం ఇప్పించానండీ, ఆరు నెలలు. కానీ ఇది ఈ కాల్‌లోనే. ఫోన్ పెట్టేస్తే మళ్ళీ నాకు కనిపించదు. షరతులు చదువుతాను, సమ్మతమైతే సరే అనండి, రికార్డ్ అవుతుంది."

ఆ అమ్మాయి షరతులు చదివింది. బస్సులో కండక్టరు స్టాపులు పిలిచినట్టు చదివింది. పన్నెండు నెలలు అన్న మాట ఒకసారి వినబడింది. అత్తగారు "సరే" అంది.

కోడలు చేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. "ఎవరత్తయ్యా?"

"నీ కంప్యూటరు వాళ్ళు. అరవై తగ్గించారు."

"వాళ్ళు ఫోన్ చేయాల్సింది రద్దు పూర్తి చేయడానికి కదా."

"అడిగితే అరవై ఇస్తుంటే రద్దెందుకు? నీకు బేరమాడడం రాక ఇన్నాళ్ళూ పూర్తిగా కట్టాం."

అయిదు నిమిషాల్లో మెయిల్ వచ్చింది. కోడలు నిలబడే చదివింది. తర్వాత కూర్చుని మళ్ళీ చదివింది.

"అత్తయ్యా, నిన్నటిదాకా మనం నెలనెలా కట్టేవాళ్ళం. ఏ నెల వద్దంటే ఆ నెల బయటపడొచ్చు. ఇప్పుడు మీరు ఏడాదికి ఒప్పుకున్నారు."

"ఏడాది ఉంటే ఏం? అరవై తక్కువకు."

"అరవై మొదటి ఆరు నెలలకే. తర్వాత ఆరు నెలలు అప్పుడు ఏ ధర ఉంటే ఆ ధర, పూర్తిగా. మొత్తం ఏడాది మీద చూస్తే తగ్గింది ముప్పై. మధ్యలో ఆపితే మిగిలిన నెలల డబ్బులో సగం కట్టాలి."

"ముప్పై మాత్రం చేదా? మధ్యలో ఎందుకు ఆపుతాం?"

"ఆపుదామనే కదా మొదలుపెట్టాం."

కోడలు మానిటర్ వైపు తిరిగి, "ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అనలేదు" అని గొణిగింది.

"ఫ్రీగా ఏం రాలేదు. నోరు పెట్టి తెచ్చా" అంది అత్తగారు. ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి.

మెయిల్ చివర ఇంకో వాక్యం ఉంది. ఫోన్లో ఒప్పుకున్నవారు పద్నాలుగు రోజుల్లోపు ఏ రుసుమూ లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. కోడలు గోడ క్యాలెండర్‌లో వచ్చే వారం కాక ఆ పై మంగళవారానికి చుట్టూ గీత గీసింది. దాని ముందు రోజే కొటేషన్ గడువు.

ఆ పద్నాలుగు రోజుల్లో మొదటి మూడూ అరవై శాతం కథ వీధి అంతా తిరిగింది. తిప్పింది అత్తగారే. లాండ్రీలో చెప్పింది. పై అంతస్తు అకౌంటెంటుకు మెట్ల మీద చెప్పింది. గుండీల షాపు ఆయనకు గుండీలు కొన్నంతసేపూ చెప్పింది. గుండీలాయన శ్రద్ధగా విన్నాడు.

శనివారం ఆయనే వర్క్‌షాపుకి వచ్చాడు.

"అక్కయ్యా, మీరు చెప్పినట్టే చేశా. కార్డు మెషిన్ వాళ్ళకు ఫోన్ చేసి, మీది వద్దు, రద్దు చేయండన్నా."

"ఎంత తగ్గించారు?"

"అలాగేనండీ, చేసేశాం అన్నారు."

మాస్టారు కత్తెర కింద పెట్టి గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

"అదేమిటి?" అంది అత్తగారు.

"అదే. నేను చిన్న బేరగాణ్ణి కదా, నాకు ఆఫర్ ఏదీ రాసిపెట్టి లేదట. పోతానంటే పొమ్మనే జాబితాలో ఉన్నానట. ఇవాళ్టి నుంచి కార్డులు గీకడానికి లేదు. చిల్లర ఉంటే ఇవ్వండి."

అత్తగారు చిల్లర ఇచ్చి పంపింది. ఆ తర్వాత అరవై శాతం గురించి మాట్లాడడం కొంచెం తగ్గించింది. కానీ ప్రోగ్రాం ఉంచేసుకోవడమే అని ఆవిడ అభిప్రాయం. "ఒప్పుకుని వెనక్కి పోతే నా మాటకు విలువేముంటుంది" అని కొడుకుతో ఫోన్లో అంది. కొడుకు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు. "మీరూ మీరూ చూసుకోండమ్మా" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన పాటించే సూత్రం అదొక్కటే.

కోడలు వాదించలేదు. కొత్త ప్రోగ్రాం నెల రోజులు ఉచితంగా వాడుకోనిస్తుంది. దాన్ని కంప్యూటర్లో ఎక్కించి మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుంది. పాత దాంట్లో రెండు వందల పన్నెండు ప్యాటర్న్‌లు ఉన్నాయి. అన్నిటినీ ఏ ప్రోగ్రామైనా చదవగలిగే ఫైళ్ళుగా మార్చి కొత్త దాంట్లోకి తెచ్చారు. తెచ్చాక తెరిచి చూస్తే ముప్పై ఎనిమిదింట్లో అంచుల మీది గాట్లు పోయాయి. ఏ ముక్క ఏ ముక్కతో ఎక్కడ కలవాలో చెప్పేవి ఆ గాట్లే. వాటిని ఒక్కొక్కటిగా మళ్ళీ పెట్టాలి.

"ఇది నాలుగు రోజుల పనమ్మా" అన్నాడు మాస్టారు. "పాతదైతే కళ్ళు మూసుకుని చేస్తా."

"ముందు ఏప్రన్ ఒక్కటి పెట్టండి మాస్టారూ. మిగతావి తర్వాత."

ఏప్రన్ గాట్లు బుధవారానికి పూర్తయ్యాయి. గురువారం పొద్దున్న చిన్న సైజు ఒకటి, పెద్ద సైజు ఒకటి కలిపి కొత్త ప్రోగ్రాంలో మార్కర్ తీశారు. పాత దాంట్లో చిన్నది రెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు, పెద్దది రెండు మీటర్ల ముప్పై ఆరు. కలిపితే నాలుగు మీటర్ల నలభై. కొత్త మార్కర్ నాలుగు మీటర్ల పది.

అత్తగారు తెర మీది అంకెల్ని నమ్మదు. "పరిచి చూపించు" అంది.

పరిచారు. ఇరవై పొరలు. పైన మార్కర్ కాగితం. ఆవిడ మెడలోంచి టేపు తీసి మార్కర్ ఈ చివర నుంచి ఆ చివరికి తానే కొలిచింది. నాలుగు పది. మళ్ళీ కొలిచింది. మాస్టారు కత్తిరించాడు. చేతి ముక్కలు వీపు ముక్కల వంపుల్లోంచి వచ్చాయి. కాలర్లు జేబుల పక్క నుంచి వచ్చాయి. నలభై ఏప్రన్లకు ముక్కలు సరిపోయాయి. ఇదివరకు నలభైకి ఎనభై ఎనిమిది మీటర్లు పట్టేది. ఇప్పుడు ఎనభై రెండు.

"మూడు వందలకు నలభై అయిదు మీటర్లు మిగులుతుంది" అంది కోడలు. "దాంట్లో ఇంకో ఇరవై ఏప్రన్లు వస్తాయి. విడత విడతకీ."

అత్తగారు పీలికల సంచి ఎత్తి చూసింది. తేలిగ్గా లేచింది. దాన్ని కింద పెట్టింది.

"అయితే కొత్తది తీసుకో. పాతదీ ఉంచుదాం. అరవై తక్కువకు వస్తున్నది వదులుకోవడమెందుకు?"

"దేనికి ఉంచడం?"

"అవసరానికి."

"ఏ అవసరానికి అత్తయ్యా? మన చేతిలో అది లేదనుకోండి. ఇవాళ ఎవరో వచ్చి, సైజులు కలపని ప్రోగ్రాం ఒకటుంది, ఏడాదికి ముప్పై తక్కువకు ఇస్తా, కొంటారా అంటే కొంటారా?"

"ఎందుకు కొంటా? పనికిరానిది." అని, ఆవిడ కోడలి మొహం చూసి, "నన్ను మాటల్లో పెట్టకు" అంది. మాస్టారి వైపు తిరిగింది. "మీరేమంటారు మాస్టారూ? మీకు పాతదే అలవాటు. రెండూ ఉంటే మీకూ సుఖం."

మాస్టారు కత్తెర అంచుకు అంటిన దారాలు తీస్తున్నాడు. "రెండూ ఉంటే నేను పాతదే తెరుస్తానమ్మా. నా సంగతి నాకు తెలుసు. ఆరు నెలలు పోయాక కూడా ఇదిగో నేర్చుకుంటున్నా అంటూనే ఉంటా."

ముందు గదిలో మెషిన్ల చప్పుడు వినబడుతోంది. అత్తగారు ఆ వైపు చూసింది. ఆ చప్పుడులో అయిదు మెషిన్లు ఏవో లెక్కపెడుతున్నట్టు చూసింది.

"నేను ఫోన్ చేస్తాలెండి" అంది కోడలు.

"నువ్వెందుకు? సరే అన్నది నేను. వద్దన్నా నేనే అంటా."

శుక్రవారం పదకొండింటికి చేసింది. తన ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మెయిల్లో ఉన్న ఒప్పందం నంబరు కాగితం మీద రాయించుకుని ముందు పెట్టుకుంది. రద్దుకు మూడు నొక్కమంటే మూడు నొక్కింది. ఈసారి ఒక అబ్బాయి తీశాడు.

"మొన్ననే అరవై శాతం తీసుకున్నారు కదండీ."

"తీసుకున్నా బాబూ. పద్నాలుగు రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చని మీరే రాశారు. ఇవాళ పదో రోజు."

"ఇవ్వొచ్చండీ. కారణం చెప్తారా? ధర ఇంకా ఎక్కువనిపిస్తే, నా దగ్గర డెబ్బై వరకూ ఉంది. ఏడాది పొడుగునా. ఆరు నెలలు కాదు."

కోడలు తల ఎత్తింది. అత్తగారి వేళ్ళు కాగితం అంచును మడుస్తున్నాయి. డెబ్బై. ఏడాది పొడుగునా. ఇరవై రెండేళ్ళలో ఆవిడకు ఏ షావుకారూ అంత తగ్గించలేదు.

"ధర కాదు బాబూ" అంది. "మీది సైజులు కలిపి పేర్చగలదా?"

"అంటే అండీ?"

"చిన్నదీ పెద్దదీ ఒకే మార్కర్‌లో."

కీబోర్డు చప్పుడు వినబడింది. "ప్రస్తుతానికి లేదండీ. మీ సూచన మా టెక్నికల్ టీంకు పంపుతాను. కారణం ధర అని రాయనా? అలా రాస్తేనే ఆఫర్ తెరుచుకుంటుంది. మీరు చెప్పిన కారణానికి నా తెర మీద ఆఫర్ ఏదీ లేదు."

"ఉండదు. మొదట ధర అని రాసింది మేమే, తప్పు మాదే. ధర అంటే మీరు ధరే తగ్గిస్తారు. మాకు తగ్గాల్సింది గుడ్డ."

"మూడు నెలలు పూర్తిగా ఉచితం ఇస్తే చూస్తారా అండీ? ఏడాది షరతు లేకుండా. నచ్చకపోతే అప్పుడు ఆపేయొచ్చు."

ఇది ఆవిడ అనుకోలేదు. ఈసారి బేరం ఆడకుండానే వచ్చింది. మాస్టారు కోడలి వైపు చూశాడు. కోడలికీ అందులో తప్పు వెంటనే దొరకలేదు.

అత్తగారు అడిగింది. "ఆ మూడు నెలలయ్యాక, మేం ఫోన్ చేసి ఆపకపోతే?"

"మామూలు ధర మొదలవుతుందండీ."

"మరచిపోతాం బాబూ. మేం మరచిపోతామనే మీరిస్తారు. నీ తప్పు కాదు. ఆపేయ్."

"సరేనండీ."

"నేను వద్దంటే నీకేమైనా కోత పడుతుందా?"

"కాల్ రికార్డ్ అవుతోందండీ" అన్నాడు అబ్బాయి.

"అవనీ. అయ్యో పాపం అని కూడా రికార్డ్ చేసుకో."

అబ్బాయి నవ్వు ఆపుకున్నాడు. రద్దు నంబరు చెప్పాడు. పాత ప్యాటర్న్‌లు ఇంకో ముప్పై రోజులు తెరిచి చూసుకోవచ్చు, మార్చడానికి ఉండదు అన్నాడు. అత్తగారు నంబరు తిరిగి చదివి వినిపించి, మెయిల్ వచ్చిందని కోడలు చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు.

మధ్యాహ్నం కాజాల దారానికి వెళ్ళినప్పుడు గుండీలాయనకు తానే చెప్పింది. ఎవరో చెప్పి ఆయన అడిగితే అది వేరేగా ఉంటుంది.

"అరవై వదిలేశారా అక్కయ్యా?"

"డెబ్బై వదిలేశా. ఇంకా పైన మూడు నెలలు ఊరికే ఇస్తానంటే అదీ వదిలేశా."

గుండీలాయన దారం ఉండ పట్టుకుని ఆలోచించాడు. "వదిలేస్తుంటే పెంచుతారన్నమాట."

"నీకు పెంచరు. నీ దగ్గర మళ్ళీ ఆ ప్రయోగం చేయకు."

సోమవారం కోడలు కొటేషన్ పట్టుకెళ్ళి స్టోర్స్‌లో ఇచ్చింది. రేటు పాతదానికంటే నూటికి నాలుగు తక్కువ రాసింది. అంతకు మించి తగ్గించడానికి గుడ్డలో జాగా లేదు. జవాబు పదిహేను రోజులకు వచ్చింది. విడతకు రెండు వందల ఏప్రన్లు వీళ్ళకు, వంద ఆ ఇంకో వర్క్‌షాపుకు. అయిదు మెషిన్లు ఆగలేదు. రెండు ఆగాయి. వాటి మీద కుట్టే ఇద్దరిలో ఒకామెను అత్తగారు గుండీలు, కాజాల పనికి మార్చింది. రెండో ఆమె తెలిసిన వాళ్ళ దగ్గర చేరుతానని తానే వెళ్ళింది. మాస్టారు గాట్లు పెట్టడం ఇంకా అవలేదు. ఇరవై ఆరు అయ్యాయి, పన్నెండు మిగిలాయి.

ఆ వారంలోనే అత్తగారి ఫోన్‌కు పాత ప్రోగ్రాం వాళ్ళ మెసేజ్ వచ్చింది. రద్దుకు తన ఫోన్ నుంచి చేసింది ఆవిడ కాబట్టి నంబరు ఆవిడదే పట్టుకున్నారు. తిరిగి వస్తే డెబ్బై అయిదు శాతం తగ్గింపు, ఈ ఆదివారం దాకా మాత్రమే.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. టేబుల్ దగ్గరికి వెళ్ళి ఫోన్ కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వే తుడిచెయ్యి. నా వేలు మాట వినడం లేదు."